ఇంక్యుబేటర్ అప్లికేషన్‌లో ట్రాక్షన్, టీమ్, కావాల్సిన సాయం: నల్గొండ బత్తాయి వ్యాపారం ఉదాహరణతో అడుగడుగునా

పోయిన చలికాలంలో ఒక సాయంత్రం ఇద్దరు బావాబావమరుదులు ల్యాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఇంక్యుబేటర్ అంటే కొత్త వ్యాపారాలు నిలదొక్కుకునేలా సాయం చేసే సంస్థ. అలాంటి ఒకదానికి పెట్టే అప్లికేషన్‌కి ఇంకా తొమ్మిది రోజులే గడువుంది. నేను కొన్నేళ్లుగా ఇలాంటి అప్లికేషన్లు చదివి మార్కులు వేసే పని చేస్తున్నాను. మాది నల్గొండే కాబట్టి మనవాళ్లు రాసినవి వస్తే ఇంకాస్త శ్రద్ధగా చదువుతాను. ఫారంలో ఇరవైకి పైగా ప్రశ్నలున్నా, ఎంపికను తేల్చేవి మూడే: ట్రాక్షన్ అంటే ఇప్పటిదాకా ఏం సాధించారు, ఎవరెవరు చేస్తున్నారు, మా నుంచి సరిగ్గా ఏం కావాలి. వీళ్లిద్దరితో కూర్చుని ఆ మూడు జవాబులు ఎలా తిరగరాశామో వరుసగా చెబుతాను. వాళ్ల వివరాలు బయటపడకుండా అంకెలు మార్చాను. లెక్క నడిచిన తీరు మాత్రం అదే.

ముందు వ్యాపారం గురించి. కనగల్ వైపు బత్తాయి తోటల్లో మంగు నల్లి సోకితే కాయ తోలు గోధుమ రంగుకి తిరుగుతుంది. లోపల రసం బాగానే ఉన్నా, చూపుకి బాగోలేదని మార్కెట్‌లో ధర తెగ్గోస్తారు. కాయ సైజు చిన్నదైనా అంతే. జ్యూస్ సెంటర్‌కి తోలుతో పని లేదు, కిలోకి ఎన్ని గ్లాసులు దిగుతాయన్నదే లెక్క. అందుకని వీళ్లు మంగు కాయ, చిన్న కాయ తోట దగ్గరే తరుగు లేకుండా కొని, హైదరాబాద్ జ్యూస్ సెంటర్లకి పొద్దున్నే చేరవేస్తారు. రైతుకి మార్కెట్ కంటే నాలుగైదు రూపాయలు ఎక్కువ వస్తుంది, సెంటర్‌కి మంచి కాయ కంటే చవగ్గా దొరుకుతుంది.

ఫారం తెరవకముందు: ఒక్క తేదీ, ఒక్క షీట్

ప్రశ్నలన్నీ కాపీ చేసుకుని ఫారం మూసేయండి. ముందు చేయాల్సింది ఒక షీట్. ఏ రోజు, ఏ రైతు దగ్గర ఎన్ని కిలోలు, ఏ రేటు, ఏ షాపుకి ఎన్ని కిలోలు, ఏ రేటు, డబ్బు ఎప్పుడు చేతికొచ్చింది. ఇంతే, వేరే ఏమీ వద్దు. బిల్లు పుస్తకం, యూపీఐ స్టేట్‌మెంట్, వాట్సాప్ ఆర్డర్లు పక్కన పెట్టుకుని ఎక్కిస్తే మాకు రెండు రాత్రులు పట్టింది.

ఇక్కడ ఒక తేదీ పెట్టుకోవాలి. మేం నవంబర్ 30 పెట్టుకున్నాం. అప్లికేషన్‌లో వచ్చే ప్రతి అంకె ఆ తేదీ నాటిదే. ఒక జవాబులో అక్టోబర్ అంకె, ఇంకో జవాబులో 'ఇప్పటిదాకా' అని మరో అంకె ఉంటే, చదివేవాళ్లు రెండూ పోల్చి చూస్తారు. పొంతన కుదరకపోతే మిగతా అంకెల మీద కూడా నమ్మకం పోతుంది.

ఇంకో సంగతి. అమ్మకాలకి రుజువుగా చాలామంది జీఎస్టీ రిటర్నులు అడుగుతారు. తాజా పండ్ల మీద జీఎస్టీ లేదు కాబట్టి వీళ్ల దగ్గర అవి లేవు. అలాంటప్పుడు ఆ గడి ఖాళీగా వదలకండి. 'తాజా పండ్లకి పన్ను లేదు, కాబట్టి బ్యాంక్ స్టేట్‌మెంట్, బిల్లు పుస్తకం, రైతులకి చెల్లించిన రసీదులు జతచేస్తున్నాం' అని ఒక వాక్యం రాయండి. ఖాళీ గడి దాచిపెట్టినట్టు కనిపిస్తుంది.

ట్రాక్షన్: పెద్ద అంకెని జల్లెడ పట్టడం

వాళ్లు మొదట రాసుకొచ్చిన జవాబు ఇది:

> మా యాప్‌కి 3,200 డౌన్‌లోడ్లు ఉన్నాయి. 400 మంది రైతులు, 85 జ్యూస్ సెంటర్లు మాతో ఉన్నారు. నాలుగు నెలల్లో 13 లక్షలకు పైగా అమ్మకాలు చేశాం. మార్కెట్ నుంచి అద్భుతమైన స్పందన వస్తోంది.

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా దీన్ని చదివినవాళ్లకి వ్యాపారం నడుస్తోందా లేదా అన్నది తెలియదు. అందుకే ఒక్కో అంకెని పట్టుకుని 'ఇందులో డబ్బు చేతులు మారింది ఎంతమందితో? రెండోసారి వచ్చింది ఎంతమంది?' అని అడుగుతూ పోయాం.

400 మంది రైతులు అంటే వాట్సాప్ గ్రూపులో ఉన్న నంబర్లు. కాయ అమ్మింది 23 మంది. 85 సెంటర్లు అంటే ఉచితంగా శాంపిల్ తీసుకున్నవి. డబ్బిచ్చి కొన్నవి 38. నవంబర్‌లో కొన్నవి 26. ఇక యాప్ సంగతి అడిగితే బావమరిది కాసేపు మాట్లాడలేదు. ఆర్డర్లన్నీ వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లలోనే వస్తున్నాయి, యాప్‌లో వచ్చింది సున్నా. ఆ 3,200 తీసేశాం. వాడని యాప్ డౌన్‌లోడ్లు రాస్తే ఇంటర్వ్యూలో మొదటి పది నిమిషాలు దాని మీదే పోతాయి.

అలా అంకెలు చిన్నవయ్యేసరికి వాళ్లకి దిగులేసింది. 'ఇంత తక్కువ చూపిస్తే ఎవరు తీసుకుంటరు సార్?' అన్నాడు బావ. కానీ చదివే మనిషికి 85 కంటే 26 బలమైన అంకె, ఎందుకంటే ఆ 26 మంది ఇంకో దారి ఉండి కూడా మళ్లీ మళ్లీ కొన్నారు. నెలవారీగా చూస్తే ఆగస్టులో 5 టన్నులు, సెప్టెంబర్‌లో 10, అక్టోబర్‌లో 14, నవంబర్‌లో 13. కొన్న సెంటర్లు వరుసగా 9, 19, 29, 26. ఈ వరుస చూపకుండా నాలుగు నెలల మొత్తం అమ్మకం ఒక్కటే రాయడం వృథా. నవంబర్‌లో తగ్గిందన్నది కూడా దాచకూడదు. చలి పెరిగితే జ్యూస్ గిరాకీ తగ్గుతుంది, అది ఒక కారణం. అసలు కారణం అదేనా అన్నది ఊహించి రాయకుండా కనుక్కోవాలి.

కనుక్కోవడం ఎలాగంటే, ఒకప్పుడు కొని ఇప్పుడు కొనని 12 సెంటర్లకి ఫోన్ చేయడమే. ఈ ఫోన్లు చేసింది బావమరిదికి అక్క, అంటే బావ గారి భార్య. ఆమె గురించి తర్వాత చెబుతాను. ఐదుగురు చెప్పింది ఒకటే మాట: 'బండి ఏడు దాటినంక వస్తుంది, పొద్దున వాకింగ్ గిరాకీ పోతుంది.' ముగ్గురికి వేరే వ్యాపారి ఇంకా ఎక్కువ రోజులు అరువిస్తున్నాడు. ఇద్దరు చలికాలం జ్యూస్ ఆపేశారు. ఇద్దరు ఫోన్ ఎత్తలేదు. అంటే చలి వల్ల పోయింది ఇద్దరే. ఆలస్యం వల్ల పోయింది ఐదుగురు. ఈ ఒక్క గంట పనితో అప్లికేషన్ మొత్తానికి దారి దొరికింది.

తర్వాత కిలో లెక్క. సెంటర్‌కి అమ్మేది సగటున 32 రూపాయలు. రైతుకి 21, కోత కూలి, గ్రేడింగ్ 2, బండి 4, పాడైన కాయ, ఇతర ఖర్చు 2. మిగిలేది 3 రూపాయలు. 42 టన్నుల మీద 1,26,000. ముగ్గురి జీతం ఇందులో లెక్కపెట్టలేదు, ఆ మాట కూడా రాయాలి. అదే రోజుకి సెంటర్ల నుంచి రావాల్సిన బాకీ 2,08,000. రైతుకి మూడో రోజు డబ్బిస్తున్నారు, సెంటర్ల నుంచి పదిహేను రోజులకి వస్తోంది. నాలుగు నెలల మిగులు కంటే బాకీ ఎక్కువ అన్నది వాళ్లకి అప్పటిదాకా తట్టలేదు. ఇది రాస్తే మనల్ని తీసెయ్యరా అని భయపడ్డారు. నా అనుభవంలో బాకీ ఉన్నందుకు ఎవర్నీ తీసెయ్యలేదు. బాకీ ఎంతుందో తెలియనివాళ్లని తీసేశాం.

తిరగరాసిన జవాబు:

> నవంబర్ 30 నాటికి నాలుగు నెలల్లో 23 మంది రైతుల నుంచి కొన్న బత్తాయి 42 టన్నులు, 38 జ్యూస్ సెంటర్లకి అమ్మాం. అమ్మకం 13.44 లక్షలు. ఆగస్టు నుంచి నవంబర్ వరకు నెలవారీగా 5, 10, 14, 13 టన్నులు, కొన్న సెంటర్లు 9, 19, 29, 26. ఆగిపోయిన 12 సెంటర్లకి ఫోన్ చేస్తే, ఐదు మా బండి ఏడు తర్వాత రావడం వల్ల ఆగాయని తేలింది. మా జీతాలు కలపకుండా కిలోకి 3 రూపాయలు మిగులుతోంది. రావాల్సిన బాకీ 2.08 లక్షలు, సగటు 15 రోజులు. సీజన్ కాపు అయిపోయింది. కత్తెర కాపు మార్చిలో మొదలవుతుంది, అప్పటిదాకా అమ్మకం చాలా తక్కువ ఉంటుంది.

చివరి వాక్యం చాలామంది వదిలేస్తారు. తోట పంట మీద బతికే వ్యాపారంలో కాయ లేని నెలలుంటాయని చదివేవాళ్లకి తెలియకపోవచ్చు. జనవరిలో ఇంటర్వ్యూ పెట్టి 'పోయిన నెల అమ్మకం ఎంత' అని అడిగితే, ముందే రాసి ఉండటం మేలు.

ఇంకా అమ్మకమే మొదలుకాని వాళ్లు ఈ గడిలో ఏం రాయాలని అడుగుతారు. ఎవరో తమ సొంత డబ్బో, సమయమో, పనిముట్టో మీకోసం పెట్టారా అన్నదే అక్కడ చూస్తారు. ఉదాహరణకి గద్వాలలో మగ్గానికి బిగించే ఒక పరికరం చేశారనుకోండి. నేత మనిషి మీరు పక్కన లేనప్పుడు కూడా దాన్ని తన మగ్గం మీదే ఉంచుకుని ఎన్ని చీరలు నేశాడన్నది రాయండి. సర్పంచ్ ఇచ్చిన ప్రశంసాపత్రం ఆ గడిలో పనికిరాదు. 'ఇంత రేటుకి ఇన్ని కావాలి' అని కొనేవాడు సంతకం పెట్టిన కాగితం పనికొస్తుంది.

టీమ్: పని ఎవరిదో, వాటా ఎవరిదో

మొదటి రాతలో ముగ్గురు ఉన్నారు. బావమరిది సీఈఓ, బీఎస్సీ అగ్రికల్చర్, ఇంట్లో ఆరెకరాల బత్తాయి తోట. బావ సీఓఓ, ఏడేళ్లు పండ్ల కమీషన్ దుకాణంలో గుమాస్తా. మూడో మనిషి సీటీఓ, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మిత్రుడు, 20 శాతం వాటా. ఫోన్లు చేసి, బాకీలు వసూలు చేసి, లెక్కలన్నీ రాసే అక్క పేరు ఎక్కడా లేదు.

ఇది మన దగ్గర నేను మళ్లీ మళ్లీ చూసే తప్పు, చూసినప్పుడల్లా బాధేస్తుంది. ఇంట్లో ఆడమనిషి చేసే పనిని 'సాయం చేస్తుంది' అంటారు. ఆమె బీకాం చదివింది. ఏ సెంటర్‌కి ఎంతవరకు అరువివ్వచ్చో ఆమెకే తెలుసు. వారానికి నలభై గంటల పైన ఈ పనే చేస్తోంది. అలాంటి మనిషిని వదిలేసి, నెలకి రెండు ఆదివారాలు పనిచేసే మిత్రుడిని ఫౌండర్‌గా చూపించడం న్యాయం కాదు. పైగా అప్లికేషన్ కూడా దెబ్బతింటుంది. చదివేవాళ్లకి వెంటనే వచ్చే అనుమానం, 'బాకీల వ్యాపారంలో బాకీలు చూసే మనిషెవరు?'

కాబట్టి టీమ్ జవాబు రాసేముందు ఒక వారం తీసుకోండి. ఎవరు ఏ రోజు ఎన్ని గంటలు ఏ పని చేశారో కాగితం మీద రాయండి. హోదాలు ఆ కాగితం చూసి పెట్టండి. మా కాగితంలో మిత్రుడికి వారానికి మూడు గంటలు తేలింది. అతనితో మాట్లాడితే, ఉద్యోగం మానే ఆలోచన లేదని మొహమాటపడకుండా చెప్పాడు. అతన్ని వాటాదారుగా కాకుండా పనిని బట్టి డబ్బు తీసుకునే మనిషిగా రాశాం. అతనూ ఊపిరి పీల్చుకున్నాడు.

వాటాలు 40, 35, 25గా తిరగరాశాక ఇంకో ప్రశ్న పుట్టింది. భార్యాభర్తలిద్దరిదీ కలిపితే 60 శాతం. తగువొస్తే తమ్ముడి మాట చెల్లుతుందా? చుట్టాలు కలిసి చేసే వ్యాపారంలో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది, అడగకపోయినా మనసులో ఉంటుంది. దానికి 'మా మధ్య గొడవలు రావు' అన్నది జవాబు కాదు. ఎవరి నిర్ణయం దేని మీద అన్నది రాసుకోవాలి. కాయ నాణ్యత, రైతులు తమ్ముడి చేతిలో. రేట్లు, బండి బావ చేతిలో. ఏ సెంటర్‌కి ఎంత అరువన్నది అక్క చేతిలో. 50,000 దాటిన ఏ ఖర్చుకైనా ఇద్దరి సంతకం, అందులో ఒకటి తమ్ముడిది. దీన్ని ఒప్పందంగా రాసుకున్నారు. వాటా కూడా ఒక్కసారిగా చేతికి రాదు, నాలుగేళ్లలో కొద్దికొద్దిగా సొంతమవుతుంది. మొదటి ఏడాది లోపే ఎవరైనా వెళ్లిపోతే వాళ్లకి వాటా ఉండదు.

ఇక లోటు. 'మా టీమ్‌లో అన్ని నైపుణ్యాలూ ఉన్నాయి' అని రాసినవాళ్లకి నేను తక్కువ మార్కులే వేశాను. అన్నీ ఉంటే ఇంక్యుబేటర్ ఎందుకు? లోటు కూడా ట్రాక్షన్ జవాబులోంచే రావాలి. ఐదు సెంటర్లు పోయింది ఆలస్యం వల్ల, కాబట్టి:

> తోట, కాయ మాకు తెలుసు. మార్కెట్ రేట్లు, అరువు తెలుసు. నగరంలో తెల్లవారుజామున పాతిక చోట్లకి సరుకు దించే పని ముగ్గురిలో ఎవరూ ఇంతకుముందు చేయలేదు. మేం ఓడిపోతున్నది అక్కడే.

అనుభవం రాసేటప్పుడు డిగ్రీ ఒక వాక్యంలో ముగించండి. గుమాస్తాగా ఏడేళ్లు అన్నది మాత్రం విడమరిచి రాయించాను. రోజుకి ఎన్ని లారీలు దింపించాడు, కాయ చూసి రేటు ఎలా కట్టేవాడు, ఏ రైతు ఎందుకు తిరిగి రాలేదు. ఆ అనుభవం హైదరాబాద్‌లో పెద్ద చదువు చదివినవాళ్లకి ఉండదు. దాన్ని చిన్నతనంగా భావించి 'ఏడేళ్ల మార్కెట్ అనుభవం' అని మూడు మాటల్లో తేల్చేశాడు ఆయన.

ఏం సాయం కావాలి: లెక్క వేశాక అడగడం

మొదటి రాతలో ఉన్నది: ఫండింగ్, మెంటర్‌షిప్, నెట్‌వర్కింగ్, మార్కెటింగ్ సపోర్ట్. ఈ నాలుగు మాటలు ఎన్ని వందల అప్లికేషన్లలో చదివానో. వీటికి ఇంక్యుబేటర్ ఏమని సమాధానం చెప్పగలదు?

'మరి మీకు దేనికి డబ్బు?' అని అడిగితే, బావ ఠక్కున 'రెండో బండి' అన్నాడు. సెంటర్లు పోయింది ఆలస్యం వల్ల కాబట్టి సబబుగానే అనిపించింది. సరే, లెక్క వేద్దామన్నాను.

బండి తెల్లవారుజామున మూడింటికి బయలుదేరి ఐదున్నరకి ఎల్బీనగర్‌లో మొదటి సెంటర్ చేరుతుంది. ఒక్కో సెంటర్‌కి ప్రయాణంతో కలిపి సగటున 6 నిమిషాలు. 26 సెంటర్లకి 156 నిమిషాలు, చివరి సెంటర్ అయ్యేసరికి ఎనిమిది దాటుతుంది. రెండు బండ్లయితే 13 చొప్పున 78 నిమిషాలు, ఏడు లోపే అయిపోతుంది. ఇక్కడిదాకా బాగుంది. కానీ రెండో బండికి నెలకి 45,000, దాని మీద కుర్రాడికి 15,000, మొత్తం 60,000. బండి ఖర్చు తీయకముందు కిలోకి మిగిలేది 7 రూపాయలు. అంటే ఆ 60,000 రావాలంటే నెలకి ఇంకో ఎనిమిదిన్నర టన్నులు అమ్మాలి. ఒక్కో సెంటర్ నెలకి 500 కిలోలు కొంటుంది కాబట్టి ఇంకో 17 సెంటర్లు కావాలి. పోయిన ఐదూ తిరిగొచ్చినా చాలదు. 26కి 17 కలిపితే 43. వాటిని రెండు బండ్లకి పంచితే 22 చొప్పున, 6 నిమిషాల లెక్కన 132 నిమిషాలు. మళ్లీ ఏడూ నలభై దాటింది!

అప్పుడు అక్క ఒక ప్రశ్న వేసింది. 'ఆరు నిమిషాల్ల తూకానికి ఎంత పోతుంది?' రెండు నిమిషాలు. ప్రతి సెంటర్ దగ్గరా కాటా దించి తూచి ఇస్తున్నారు. తోట దగ్గరే 20 కిలోల క్రేట్లలో తూచి, చీటీ కట్టి, నిండు క్రేటు దించి ఖాళీ క్రేటు తెచ్చుకుంటే నాలుగు నిమిషాలు. ఒక్క బండితోనే 26 సెంటర్లు ఏడుంబావుకి అయిపోతాయి. 43 సెంటర్లు, రెండు బండ్లయితే 88 నిమిషాలు, ఏడుకి రెండు నిమిషాల ముందు.

అంటే ముందు కావాల్సింది క్రేట్లు. బండి తర్వాతి మాట, అదీ సెంటర్లు పెరిగితేనే. ఈ లెక్క వేయకుండా బండి అడిగి ఉంటే, వచ్చినా మూడు నెలల్లో నష్టంలోకి వెళ్లేవాళ్లు. అడగడానికి ముందు ఇలా ఒక్కో కోరికని చివరిదాకా లెక్కకట్టి చూడటం ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించే అడుగు.

రెండో కోరిక బాకీ. దీనికి గ్రాంట్ అడుగుదామనుకున్నారు. ఆగమన్నాను. డబ్బులో రకాలుంటాయి. 2021లో మొదలైన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ పథకాన్నే చూడండి. అందులో నమూనా తయారీకి, ప్రయోగాలకి ఇంక్యుబేటర్ ద్వారా 20 లక్షల దాకా గ్రాంట్ పెట్టారు. మార్కెట్‌లోకి వెళ్లి పెరగడానికి 50 లక్షల దాకా అప్పు రూపంలోనో, తర్వాత వాటాగా మారే డిబెంచర్ల రూపంలోనో పెట్టారు. ఎవరి అరువుకో అడ్డుపెట్టడానికి ప్రయోగాల గ్రాంట్ వాడతామంటే ఒప్పుకోరు. ఇంకా ఆ పథకం నిబంధనల్లో కంపెనీ రిజిస్టరై రెండేళ్లు దాటకూడదని, కేంద్ర ప్రభుత్వ శాఖ డీపీఐఐటీ నుంచి స్టార్టప్ గుర్తింపు ఉండాలని ఉంది. ఒక్కరి పేరు మీద నడిచే ప్రొప్రైటర్‌షిప్‌కి ఆ గుర్తింపు రాదు. మీరు అప్లై చేసేది ఏ పథకం కిందైనా, ప్రస్తుతం తెరిచి ఉందా, ఆ డబ్బు దేనికి వాడొచ్చు అన్న పేజీ ముందు చదవండి. మా వాళ్లు బాకీ విషయంలో గ్రాంట్ బదులు, బ్యాంకు నిర్వహణ పెట్టుబడికి తగ్గట్టు లెక్కలు సర్దుకోవడంలో సాయం, ఒక పరిచయం అడిగారు. వారంలోపు కట్టిన సెంటర్‌కి కిలోకి అర్ధరూపాయి తగ్గింపు ఇచ్చే ప్రయత్నం డిసెంబర్‌లో సొంతంగా మొదలుపెట్టామని కూడా రాశారు.

మూడోది పరీక్ష. 'ఇందులో కొత్తేముంది, పండ్ల వ్యాపారమే కదా' అన్న ప్రశ్న ఖాయం. మంగు కాయలో రసం తగ్గదన్నదే వీళ్ల వ్యాపారానికి పునాది, దానికి రుజువు మాత్రం సెంటర్ వాళ్ల మాటే. తోటల వారీగా రసం శాతం, తీపి, పులుపు కొలిచి, గ్రేడు రంగు బట్టి కాకుండా రసం బట్టి కట్టగలిగితే అది కొత్త పని. దానికి ల్యాబ్ కావాలి. ఏ ఇంక్యుబేటర్‌కి అప్లై చేయాలన్నదీ ఇక్కడే తేలింది. రాజేంద్రనగర్‌లో జాతీయ వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీ నార్మ్‌లో ఏ-ఐడియా ఉంది, ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఆగ్‌హబ్ ఉంది. ఇలాంటి పరీక్ష అడగాల్సింది అలాంటి చోట. సాఫ్ట్‌వేర్ అయితే టీ-హబ్, యంత్రం నమూనా చేయాలంటే టీ-వర్క్స్, మహిళ వ్యవస్థాపకురాలైతే 2018లో పెట్టిన వీ-హబ్ కూడా చూడాలి. ఒకే జవాబుని అన్ని చోట్లా అతికించకండి. అడిగే సాయం ఆ చోట ఉన్నదై ఉండాలి.

చివరికి పంపిన జవాబు:

> మార్చి నుంచి మే వరకు, కత్తెర కాపులో ఈ నాలుగు కావాలి. ఒకటి, 10 తోటల నుంచి 60 శాంపిళ్లకి రసం శాతం, తీపి, పులుపు పరీక్ష: 72,000. రెండు, తూచిన క్రేట్లు మార్చుకునే పద్ధతికి 150 క్రేట్లు: 52,500. మూడు, రెండో, మూడో నెలల్లో రెండో బండి, కుర్రాడు: 1,20,000. మొత్తం 2,44,500. మొదటి నెలాఖరుకి చివరి సెంటర్‌కి ఏడుంబావు లోపు చేరకపోతే రెండో బండి తీసుకోం. మూడో నెలాఖరుకి సెంటర్లు 43 కావాలి, 35 కూడా దాటకపోతే బండి ఆపేస్తాం. నాలుగు, పాలు, కూరగాయల లాంటి సరుకు తెల్లవారుజామున నగరంలో పంచిన అనుభవం ఉన్న మనిషి, పదిహేను రోజులకోసారి రెండు గంటలు. ఆయన్ని అడగాల్సింది: 43 సెంటర్లని రెండు దారులుగా ఎలా విడగొట్టాలి? బాకీకి గ్రాంట్ అడగటం లేదు. బ్యాంకు కోసం లెక్కలు సర్దడంలో సాయం చాలు. ఆఫీసు స్థలం అక్కర్లేదు.

'అక్కర్లేదు' అన్న మాట ఉండటం మంచిది. ఇచ్చేవాళ్లకి తమ దగ్గరున్నదాన్ని ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. క్రేటుకి 350, శాంపిల్‌కి 1,200 అన్నవి ఊహించి రాసినవి కావు. ఇద్దరిద్దరు అమ్మకందారుల నుంచి రాతపూర్వకంగా రేట్లు తెప్పించుకుని జతచేశారు. ఆగే షరతు కూడా మీరే రాయండి. డబ్బిచ్చేవాళ్లు ఎలాగూ విడతలుగా, ఫలితం చూసే ఇస్తారు. ఆ ఫలితం ఏదో మీరు చెప్పకపోతే వాళ్లే పెడతారు, అది మీ తోటల సీజన్‌కి పొసగకపోవచ్చు.

పంపేముందు

మూడు జవాబులు ఒకదాని కింద ఒకటి ప్రింట్ తీసుకోండి. ఎర్ర పెన్నుతో అడిగిన ప్రతి సాయం నుంచి ట్రాక్షన్ జవాబులోని ఒక వాక్యానికి గీత గీయండి. గీత తగలని కోరిక ఉంటే తీసేయండి, లేదా దాని కారణం ట్రాక్షన్‌లో రాయలేదేమో చూడండి. మా కాగితం మీద క్రేట్లు, బండి ఐదు సెంటర్ల దగ్గరికి వెళ్లాయి. బ్యాంకు సాయం 2.08 లక్షల దగ్గరికి వెళ్లింది. పరీక్షకి మాత్రం గీత తగల్లేదు. మంగు కాయ గురించి ట్రాక్షన్‌లో ఒక్క మాటా రాయలేదని అప్పుడు తెలిసింది. '42 టన్నుల్లో నాలుగింట మూడొంతులు మంగు కాయ, చిన్న కాయ' అని షీట్ చూసి చేర్చాం.

ఫారం ఇంగ్లిష్‌లో ఉంటే కంగారుపడి మొదటే ఇంగ్లిష్‌లో రాయకండి. తెలుగులో రాసుకుని, అంకెలు సరిచూసుకున్నాక మార్చండి. ఇంగ్లిష్‌లో మొదలుపెడితే, వచ్చిన నాలుగు పెద్ద మాటల చుట్టూ జవాబు తిరుగుతుంది. అక్షరాల పరిమితి దాటితే వర్ణన తీయండి, అంకె తీయకండి.

ఇంటర్వ్యూకి పిలుపొస్తే ముగ్గురూ వెళ్లండి. ఎవరి పని గురించి అడిగితే వాళ్లే మాట్లాడాలి. ముందురోజు రాత్రి షీట్‌ని ఆ రోజు తేదీకి కొత్తగా నింపి, అప్లికేషన్‌లో రాసిన అంకెల పక్కన రాసుకోండి. మా వాళ్లని పిలిచినప్పుడు మొదటి ప్రశ్న, 'ఇవాళ బాకీ ఎంత?' అక్క నోట్‌బుక్ తెరవకుండానే చెప్పింది: 61,000, అందులో 18,000 నెల దాటింది, రెండు సెంటర్లవి, వాళ్లకి సరుకు ఆపేశాం.